ఏటేటా అగ్గి పెడితే అడివి గడ్డైతది

మధిర దాటి భద్రాచలం దిక్కు పోతే, తునికాకు చిగురు కోసం, ఇప్పపువ్వు ఏరుకునేటందుకు ఎండాకాలం అడివిల అగ్గి పెడ్తరు. పెద్ద టేకుకు బెరడు మందం, నేలమంటకు చావదు. మోకాలెత్తు మొక్క మొదలుదాకా కాలుతది. వేరు బతికుండి వానలకు చిగురేస్తది, మళ్లేడు మళ్ల కాలుతది. పదేండ్లైనా మోకాలెత్తే. నీడలేక గడ్డి పెరుగుతది, ఎండితే అదే మంటకు మేత.

మీరే చూడొచ్చు: సన్న పుల్ల కింద లావు వేరుంటే అది ఎన్నోసార్లు కాలిన మొక్క.

వరుసగా కొన్నేండ్లు అగ్గి తగలకుంటే కొన మంటను మించుతది, నీడకు గడ్డి పల్చబడ్తది. అగ్గి మొత్తానికే బందైతే పశువుల మేత నేలను పొదలు కమ్ముతయి.

అందుకే నేననేది, తునికి పొదలను కొట్టినా చిగురొస్తది. దానికి కూలి కట్టియ్యకుండ గిరిజనుల మీద కేసులు పెడితే అగ్గి ఆగదు.