ఓఎస్ రివిజన్‌కు నాలుగు వారాలు: జూనియర్‌కు సీనియర్ ఉత్తరం

తమ్ముడూ,

పరీక్షకు నెల ఉందన్నావుగా, రోజుకో గంటన్నర చాలు. మొదటి వారం ప్రాసెస్‌లు, షెడ్యూలింగ్ చదువు. ప్రతి లెక్కకూ గాంట్ చార్ట్ చేత్తో గీయి. రెండో వారం సెమాఫోర్లు, డెడ్‌లాక్. బ్యాంకర్స్ అల్గారిథమ్‌లో ముందు నీడ్ పట్టిక వేసుకుంటే సగం తప్పులు పోతాయి.

మూడో వారమంతా మెమరీకే ఇవ్వు, మార్కులు ఎక్కువగా జారిపోయేది అక్కడే. ఈ వరుస తీసుకో: 1, 2, 3, 4, 1, 2, 5, 1, 2, 3, 4, 5. ఫిఫో పద్ధతిలో, అంటే ముందొచ్చిన పేజీని ముందు తీసేస్తూ, 3 ఫ్రేములతో చేస్తే 9 పేజ్ ఫాల్ట్‌లు వస్తాయి. 4 ఫ్రేములిస్తే తగ్గాలి కదా? 10 వస్తాయి! దీన్నే బెలాడీ అనామలీ అంటారు.

నీకు 4 ఫ్రేములకు 8 వచ్చిందనుకో, ఎక్కడో పొరపాటు పడ్డావు. మెమరీలో ఉన్న పేజీనే మళ్లీ అడిగినప్పుడు దాన్ని వరుసలో వెనక్కి జరిపి ఉంటావు. అది ఎల్ఆర్‌యూ పద్ధతి. ఫిఫోలో పేజీ వచ్చిన క్రమమే లెక్క, వాడకం కాదు. ఎల్ఆర్‌యూలో ఫ్రేములు పెరిగితే ఫాల్ట్‌లు ఎప్పుడూ పెరగవు. ఇదే వరుసకు 3 ఫ్రేములతో 10, నాలుగుతో 8 వస్తాయి. రెండు పద్ధతులూ పక్కపక్కన వేసి చూడు.

నాలుగో వారం మొదటి మూడు రోజులు ఫైల్ సిస్టమ్స్, డిస్క్ షెడ్యూలింగ్. మిగతా రోజులు గడియారం పెట్టుకుని పాత ప్రశ్నపత్రాలు రాయి. తప్పిన లెక్కను మర్నాడు పుస్తకం మూసి మళ్లీ చెయ్యి.

ఇట్లు,
మీ సీనియర్ అన్నయ్య