తూకం లేని వంటింట్లో వడ్డన లెక్క

పోషకాహార పట్టికలన్నీ ముడిసరుకు బరువులోనే మాట్లాడతాయి. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సమతులాహార పట్టికల్లో ధాన్యం ఒక వడ్డన అంటే 30 గ్రాములు, పప్పు 30 గ్రాములు, కూరగాయలు 100 గ్రాములు, నూనె 5 గ్రాములు. ఇవన్నీ వండకముందు బరువులు. కంచంలోకి వచ్చేది మాత్రం వండిన పదార్థం. దాన్ని కొలిచేవి హస్తం, గరిటె, గిన్నె. చాలా ఇళ్లలో తూకపు యంత్రం ఉండదు కాబట్టి ఈ రెంటికీ మధ్య లంకె కుదరాలి.

‘కప్పు అన్నం’, ‘కటోరీ పప్పు’ అని డైట్ చార్టుల్లో రాసే కొలత ఈ లంకెను సరిగ్గా కుదర్చదు. వాటిలో కటోరీ అంటే సాధారణంగా 150 మిల్లీలీటర్ల గిన్నె. మన స్టీలు గిన్నెలు 100 నుంచి 250 దాకా ఎన్నో సైజుల్లో ఉంటాయి. అంతకన్నా పెద్ద చిక్కు నీళ్లతో వస్తుంది. పలుకుగా వండిన అన్నం గిన్నెలో ఒక రకంగా పడుతుంది, ఎసరు ఎక్కువై మెత్తబడిన అన్నం ఇంకో రకంగా పడుతుంది. గట్టి ముద్దపప్పుకీ, పల్చటి పప్పుచారుకీ గరిటె ఒకటే అయినా లోపలున్న కందిపప్పు వేరు.

ఈ చిక్కును ఇల్లిల్లూ తిరిగి ఆహార సర్వేలు చేసేవారు ఎప్పుడో తేల్చుకున్నారు. వాళ్లు ముందు వంటలో ఎంత ముడిసరుకు పడిందో రాసుకుంటారు. తర్వాత వండినది మొత్తం ఎంతైందో, అందులో ఒక్కొక్కరు ఎంత తిన్నారో ప్రమాణ కప్పులతో తెలుసుకుంటారు. తిన్న భాగాన్ని బట్టి ముడిసరుకులో ఆ మనిషి వాటా తేలుతుంది. ఇంట్లో ఈ పనికి ప్రమాణ కప్పులు కూడా అక్కర్లేదు, ఏ హస్తమైనా చాలు. గింజల్ని కొలిచి, గరిటెల్ని లెక్కపెట్టి, భాగించాలి. నీళ్లు ఎన్ని పోసినా ఈ లెక్క చెడదు.

మొదట బియ్యం కొలిచే గ్లాసు బరువు తెలియాలి. దీనికి అచ్చువేసిన బరువున్న ప్యాకెట్టే తూకపు రాయి. కిలో బియ్యం ప్యాకెట్ విప్పి, గ్లాసును ప్రతిసారీ అంచు మట్టానికి చదును చేస్తూ కొలిచి డబ్బాలో పోయాలి. ఆరు గ్లాసులకు ప్యాకెట్ ఖాళీ అయితే గ్లాసుకు సుమారు 167 గ్రాములు. అదే గ్లాసుతో అర కిలో కందిపప్పు మూడుసార్లు వస్తే పప్పుకూ అదే బరువు. రవ్వ, పిండి, అటుకుల బరువులు వేరుగా ఉంటాయి కాబట్టి వాటికి విడిగా చూసుకోవాలి. ఒకప్పుడు గిద్ద, సోల, తవ్వ, మానికలతో నడిచిన ఇళ్లలో ఈ పని పెద్దవాళ్లకు చేతి అలవాటుగా ఉండేది.

ఇక ఒక పూట లెక్క చూద్దాం. నలుగురున్న ఇంట్లో రెండు గ్లాసుల బియ్యం, అంటే సుమారు 333 గ్రాములు, పోశారు. అన్నం వడ్డించేటప్పుడు హస్తాలు లెక్కపెడితే గిన్నె అడుగు కనిపించేసరికి 14 అయ్యాయి. హస్తానికి 24 గ్రాముల బియ్యం పడింది. ఇంటాయన మొదట మూడు హస్తాలు, పెరుగులోకి ఇంకో రెండు పెట్టించుకుంటే 120 గ్రాముల బియ్యం తిన్నట్టు. పట్టిక భాషలో నాలుగు వడ్డనలు, శక్తి రూపంలో 400 కేలరీల పైచిలుకు. ‘నేను తినేది రెండు ముద్దలే’ అనే మాటకు ఈ లెక్క దగ్గర గట్టి పరీక్షే ఎదురవుతుంది.

పప్పు దగ్గర ఇదే లెక్క ఆశ్చర్యపరుస్తుంది. అర గ్లాసు కందిపప్పుతో, అంటే సుమారు 83 గ్రాములతో, చేసిన ముద్దపప్పు ఏడు గరిటెలు వస్తే గరిటెకు 12 గ్రాములు. రెండు గరిటెలు వేసుకున్నవారికి 24 గ్రాముల కందిపప్పు, దాంతో సుమారు 5 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. మరునాడు పావు గ్లాసు పప్పుతో సాంబారు కాస్తే అదే గరిటెతో పదిహేను గరిటెలు వచ్చింది. ఇప్పుడు గరిటెకు మూడు గ్రాములైనా లేదు. రెండు గరిటెల సాంబారు పోసుకుని ‘పప్పు తిన్నాం’ అనుకుంటే అందులో మాంసకృత్తులు ఒక గ్రాముకు కాస్త పైన. పైగా సాంబారులో పప్పు అడుగుకు దిగుతుంది కాబట్టి, కలపకుండా పైన ముంచి పోసిన గరిటెలో అంత కూడా రాదు.

లెక్క తప్పిందని గుర్తుపట్టడం తేలిక. అందరి గరిటెలూ, మిగిలిన అన్నం కొలిచిన గరిటెలూ కలిపితే గిన్నె మొత్తానికి సరిపోవాలి. సరిపోకపోతే సాధారణంగా కారణం గోపురంగా తీసిన హస్తమే. ఆకలి మీద మొదటి వడ్డన గోపురంగానూ, కొసరు మాత్రం సగం హస్తంగానూ పడుతుంది. నొక్కి తీసిన అన్నానికీ, పొడిపొడిగా తీసినదానికీ కూడా తేడా ఉంటుంది. ఒకే హస్తాన్ని రెండు మూడు పూటలు లెక్కపెడితే సగటు నిలబడుతుంది. ఆ తర్వాత రోజూ లెక్కపెట్టే పని ఉండదు. బియ్యం రకమో, హస్తమో మారినప్పుడు మళ్లీ చూసుకుంటే చాలు.

నూనె గరిటెకు దొరకదు, వేపుడు ముక్కల్లో దాక్కుంటుంది. దాన్ని ప్యాకెట్‌తోనే పట్టుకోవాలి. విప్పిన తేదీ ప్యాకెట్ మీద రాసి పెడితే, లీటరు నూనె నలుగురికి పది రోజులు వచ్చిందనుకుందాం. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి మనిషికి రోజుకు 23 గ్రాములు, అంటే దాదాపు నాలుగున్నర చెంచాలు. కంచంలో వేసుకునే నెయ్యి దీనికి అదనం.

గరిటె లేనిచోట, అంటే పెళ్లి భోజనంలోనో హోటల్లోనో, చెయ్యి పనికొస్తుంది. వేళ్లు వదిలేసి అరచేతి వెడల్పు, మందం ఉన్న ఎముక లేని మాంసం ముక్క పెద్దవాళ్లకు ఒక పూట వడ్డన. మన కోడికూరలో ఎముకే చాలా భాగం కాబట్టి ఆ కొలతకు ముక్కలు ఇంకొన్ని పడతాయి. బొటనవేలి మొదటి కణుపంత నెయ్యి సుమారు చెంచా. పల్లీలకు దోసిలి కాదు, ఒక గుప్పెడే లెక్క. అన్నానికి, కూరకు పిడికిలిని కొలతగా వాడతారు. కానీ పిడికిళ్లు మనిషికో రకం కనుక, తన పిడికిలి ఎంతో ఒకసారి చూసుకోవడం మేలు. పళ్లెంలో గిన్నె పెట్టి, అంచుదాకా నీళ్లు నింపి, మణికట్టు వరకు పిడికిలి ముంచితే పళ్లెంలోకి పొర్లిన నీళ్లే దాని పరిమాణం. ఆ నీళ్లను ఇంటి కటోరీలో పోస్తే ఒకటిన్నరా, రెండా తేలుతుంది. పిల్లలకు వడ్డించేటప్పుడు కొలత వాళ్ల పిడికిలే, వడ్డించేవాళ్లది కాదు.

ఆకుకూరల దగ్గర మాత్రం చెయ్యి, గరిటె రెండూ మోసం చేస్తాయి. పెద్ద కట్ట తోటకూర మూకుట్లో మగ్గి గుప్పెడవుతుంది. అక్కడ ఎన్ని కట్టలు కోశారో, ఎంతమంది తిన్నారో చూడటమే దారి.

ఈ అంచనాలు రోజువారీ వాడకానికే. భోజనంలోని పిండిపదార్థాన్ని బట్టి ఇన్సులిన్ మోతాదు మార్చుకునేవారికి, మూత్రపిండాల జబ్బుతో మాంసకృత్తులకు హద్దు పెట్టుకున్నవారికి హస్తంలో గోపురం తేడా కూడా లెక్కే. వాళ్లకు చిన్న తూకపు యంత్రం తప్పదు. పసిపిల్లల డబ్బా పాలపొడికైతే ఆ డబ్బాలో వచ్చిన చెంచానే అంచు మట్టానికి చదును చేసి వాడాలి. ఇంట్లోని ఏ చెంచా దానికి బదులు కాదు.