ఉల్లిపొర రంగా, దానిమ్మగింజ రంగా?

మా అక్క కూతురి పెళ్లికి పట్టుచీరలు కొనడానికి వెళ్లాం. దాని మనసంతా పీచ్ రంగు మీదే. 2017 డిసెంబరులో అనుష్క శర్మ ఇటలీలో లేత గులాబీ లెహంగాతో పెళ్లి చేసుకున్నాక మన పెళ్లికూతుళ్లు కూడా లేత రంగులు అడగడం బాగా పెరిగింది. "ఎర్రచీర అందరూ కడతారు కదా పిన్నీ" అంది. నేను వద్దనలేదు. చీర మడత దాని భుజం మీద వేసి, షాపు గుమ్మం దాకా నడిపించాను.

పగటి వెలుతురులో సంగతి తేలిపోయింది. పిల్లది చామనఛాయ. పీచ్ దాని ఒంటి రంగులో కలిసిపోయి ముఖం కళ తప్పింది. చామనఛాయకు లేత రంగులు నప్పవన్న మాట మాత్రం నిజం కాదు. అదే భుజం మీద లేత నిమ్మపండు రంగు వేస్తే ముఖం వెలిగింది. పేస్టెల్ అంటే తెలుపు బాగా కలిసిన రంగు. ఆ తెలుపు స్వచ్ఛంగా ఉంటే నలుపు మేనికీ చామనఛాయకూ చక్కగా ఎదురు నిలుస్తుంది. చిక్కంతా బూడిద కలిసిన లేత రంగులతోనూ, మన ఒంటి రంగుకు మరీ దగ్గరగా ఉండేవాటితోనూ. బాగా తెల్లగా ఉన్నవాళ్లకు ఉల్లిపొర రంగు చీర కడితే మనిషి వెలిసిపోయినట్టుంటుంది. వాళ్లు ముదురు జాకెట్టు వేసుకుంటే చాలు. ముఖాన్ని ఆనుకుని ఉండేది జాకెట్టూ పైటే కదా!

కెంపు, పచ్చ, నీలం లాంటి రత్నాల రంగుల్లో తెలుపూ బూడిదా దాదాపు ఉండవు. అందుకే ఏ మేనికైనా ఇవి కాస్త సులువుగా నప్పుతాయి. అయితే చీర ముందు కనిపించి మనిషి తర్వాత కనిపిస్తే ఆ రంగు మనల్ని మింగేసినట్టే. అద్దంలో ఒక్కసారి కళ్లు మూసి తెరవండి, చూపు మొదట ఎక్కడ పడిందో చూసుకోండి.

ఇక వేళ. మా ముహూర్తం తెల్లవారుజామున, మండపంలో పసుపుపచ్చని దీపాలు. ఆ వెలుతురులో నీలం పాలు తక్కువ. లావెండర్ మట్టి రంగుకు తిరుగుతుంది, లేత నీలం మాసినట్టవుతుంది, ఎరుపు మాత్రం ఇంకా పండుతుంది. అందుకే పీటల మీదకు దానిమ్మగింజ రంగు చీర తీసుకున్నాం. పగలు పెళ్లికూతుర్ని చేసేటప్పటికి ఆ నిమ్మపండు చీర. నలుగు పెట్టేటప్పుడు మాత్రం నూలుచీరే కట్టించాం, లేత పట్టుకు పసుపు అంటితే వదలదు మరి.

అక్క తనకోసం ముదురు నీలం కొనుక్కుంది. షాపులో ట్యూబులైటు కింద మెరిసిపోయిన ఆ చీర పెళ్లి ఫొటోల్లో నల్లగా పడింది.