చుక్కలు ఎక్కడ, వాక్యాలు ఎక్కడ?

హైదరాబాద్‌లో 48 ఫ్లాట్లున్న ఒక అపార్ట్‌మెంట్‌ను ఊహించుకోవచ్చు. ఏప్రిల్‌లో రెండు బోర్లలో ఒకటి ఎండిపోయింది. సంఘం కార్యదర్శి రాత్రి కూర్చుని అందరికీ ఈమెయిల్ పంపారు. చదివేవాళ్లకు తేలిగ్గా ఉంటుందని అంతా చుక్కలు పెట్టి రాశారు:

• ఒక బోరు ఎండిపోయింది
• కొత్త బోరు వేయడం లేదు
• రోజుకు రెండు ట్యాంకర్లు
• నీళ్లు ఉదయం 6 నుంచి 8, సాయంత్రం 6 నుంచి 8
• లీకులు సరిచేయించడం
• ఫ్లాట్‌కు 1,000 రూపాయలు

ఆరే లైన్లు, అన్నీ నిజాలే. అయినా తెల్లారేసరికి ఆయన ఫోన్ మోగుతూనే ఉంటుంది. ట్యాంకర్లకు పోసే డబ్బుతో కొత్త బోరే వేయించవచ్చు కదా అని ఒకరు అడుగుతారు. లీకులు సంఘం చూస్తుందా, ఎవరి ఇంట్లోవి వాళ్లే చూసుకోవాలా అని ఇంకొకరు. ఆ వెయ్యి ఒక్కసారేనా, నెలనెలా కట్టాలా అని మూడో ఫ్లాట్‌వాళ్లు. వీళ్లందరూ మెయిల్ శ్రద్ధగా చదివినవాళ్లే. వాళ్లడిగిన జవాబు మెయిల్‌లో లేదు, అంతే.

లేనిది సమాచారం కాదు, లైన్ల మధ్య ఉండాల్సిన ముడి. మొదటి చుక్కకూ రెండో చుక్కకూ నడుమ ‘కాబట్టి’ ఉందా, ‘అయినా’ ఉందా? బోరు ఎండింది కాబట్టి కొత్తది వేయాలని ఎవరైనా అనుకుంటారు. సంఘం నిర్ణయం అందుకు తలకిందులు. కారణం చెప్పాల్సిన చోటు సరిగ్గా అదే, చుక్క మింగేసింది కూడా దాన్నే.

ఈ ఇబ్బందిని కంపెనీలు చాలాకాలం కిందటే గమనించాయి. 1998లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో గోర్డన్ షా, రాబర్ట్ బ్రౌన్, ఫిలిప్ బ్రోమిలీ 3ఎమ్ కంపెనీ గురించి ఒక వ్యాసం రాశారు. చుక్కల జాబితాల్లో వ్యాపార ప్రణాళికలు రాస్తే అంశాలన్నీ కనిపిస్తాయిగానీ, వాటి మధ్య కీలకమైన సంబంధాలు చెప్పకుండానే మిగిలిపోతాయన్నది అందులోని ముఖ్యమైన ఫిర్యాదు. జాబితా చూపగలిగేవి మూడే: ఏది ముందు ఏది వెనక, ఏది ముఖ్యం, ఏవి ఒకే గుంపులోవి. దేనివల్ల ఏది జరిగిందో అది చూపలేదు.

ఆరేళ్ల తర్వాత, 2004 జూన్‌లో, అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ తన పై స్థాయి అధికారులకు ఒక ఈమెయిల్ పంపారు. సమావేశాల్లో ఇకమీదట పవర్‌పాయింట్ వద్దన్నారు. స్లైడ్లు మానేసి అవే చుక్కలను వర్డ్ ఫైల్‌లో పెడితే అదీ అంతే చెడ్డదని కూడా చెప్పారు. ఇరవై పేజీల స్లైడ్ల కన్నా నాలుగు పేజీల మెమో రాయడం కష్టమనీ, ఏది ముఖ్యమో, ఏది దేనితో ముడిపడిందో రాసేవాడు ముందుగా తేల్చుకోక తప్పదనీ ఆయన వాదన. అంటే వాక్యాల్లో రాయడం చదివేవాళ్లకు మాత్రమే కాదు, నిర్ణయం తీసుకున్నవాళ్లకూ ఒక పరీక్షే.

తెలుగులో ఈ చిక్కు ఇంకో మెట్టు ఎక్కువ. తెలుగు వాక్యంలో ఎవరు, ఎప్పుడు అన్న సంగతి చివరి క్రియలో ఉంటుంది. ‘సరిచేయించండి’ అంటే పని మీది. ‘సరిచేయిస్తాం’ అంటే మాది. ‘సరిచేయించాం’ అంటే అయిపోయింది. చుక్క పెట్టగానే చేయి అలవాటుగా ‘సరిచేయించడం’ అని రాస్తుంది. ఆ ఒక్క ‘డం’తో మనిషీ పోయాడు, కాలమూ పోయింది. ఆఫీసు మెయిళ్లలో ‘నివేదిక పంపడం’, ‘క్లయింట్‌తో మాట్లాడటం’ అన్న చుక్కలు వారాల తరబడి ఎవరూ ముట్టుకోకుండా పడి ఉండటానికి ఇది ఒక పెద్ద కారణం.

అలాగని అంతా పేరాలుగా రాస్తే పోతుందా? పోదు. తెలుగు వాక్యం పనులను దండలా గుచ్చుకుంటూ పోగలదు: ‘కుళాయిలు చూసుకుని, డబ్బు కట్టి, రసీదు ఫోటో పంపి, వాచ్‌మన్‌కు చెప్పండి’. వినడానికి హాయిగా ఉంటుంది, ఫోన్‌లో చదివినవాళ్లు మాత్రం అందులో ఒకటో రెండో పనులు చేసి ఊరుకుంటారు. మూడు రోజుల తర్వాత మళ్లీ తెరిచి ఏం మిగిలిందో వెతుక్కోవడానికి పేరాలో చోటు దొరకదు.

కాబట్టి ఒకే మెయిల్‌లో రెండు పద్ధతులూ కావాలి, ఒక్కొక్కటి తన చోట. ఏది ఏ చోటిదో తెలుసుకోవడానికి చిన్న ఉపాయం ఉంది. లైన్ల వరుస మార్చి చూడాలి. మార్చినా అర్థం చెడకపోతే అది జాబితానే. మార్చగానే ‘అందుకే’, ‘అయినా’, ‘లేకపోతే’ లాంటి మాటలు కావలసివస్తే అది వాక్యాల్లో చెప్పాల్సిన సంగతి. కార్యదర్శి మెయిల్‌లో మొదటి నాలుగు లైన్లు ఈ పరీక్షలో నిలవవు. చివరి రెండూ నిలుస్తాయి, అవి పనులు.

అదే మెయిల్‌ను తిరగరాస్తే ఇలా ఉంటుంది:

‘అందరికీ నమస్కారం. వేసవి నీళ్ల ఏర్పాటు మారుతోంది. మీరు చేయాల్సినవి, మేం చేసేవి చివర అంకెలు వేసి రాశాను. మనకు రోజుకు సుమారు 21,000 లీటర్లు కావాలి. ఒక బోరు ఎండిపోయాక రెండోది 12,000 మాత్రమే ఇస్తోంది. కొత్త బోరు గురించి ఆలోచించాం. కానీ పక్క అపార్ట్‌మెంట్‌లో ఈ మధ్యే వెయ్యి అడుగులు దించినా నీళ్లు పడలేదు. పైగా వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి, అది వచ్చేసరికి వేసవి సగం గడిచిపోతుంది. అందుకే ఈ రెండు నెలలకు రోజూ 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు తెప్పిస్తున్నాం. ట్యాంకరుకు 800 చొప్పున నెలకు 48,000 అవుతుంది, అంటే ఫ్లాట్‌కు నెలకు 1,000. తెచ్చిన నీళ్లు వృథా కాకూడదని ఉదయం 6 నుంచి 8, సాయంత్రం 6 నుంచి 8 మాత్రమే వదులుతాం.

1. ఇళ్లలో ఉంటున్నవాళ్లు: కారే కుళాయిలు, ఫ్లష్ ట్యాంకులు శనివారం సాయంత్రానికి సొంత ఖర్చుతో బాగుచేయించుకోండి. ఫ్లష్ ట్యాంకు ముందు చూడండి, అది చప్పుడు లేకుండా కారుతుంది.
2. యజమానులు: మే, జూన్ నెలల 1,000 రూపాయలు ఆయా నెల 5లోపు సంఘం ఖాతాలో వేయండి.
3. కోశాధికారి: ట్యాంకర్ రేటు శుక్రవారం రాతపూర్వకంగా ఖరారు చేస్తారు.
4. వాచ్‌మన్: సోమవారం నుంచి రోజూ ఉదయం 5 గంటలకు సంపు మట్టం పుస్తకంలో రాస్తారు.’

నిడివి పెరిగింది, నిజమే. ఆరు లైన్లది రెండు భాగాలైంది. పెరిగిన ప్రతి వాక్యమూ ఒక ఫోన్ కాల్‌ను ఆపేదే. మొదటి మెయిల్‌లో రెండే పనులు కనిపించాయి, ఇప్పుడు నాలుగయ్యాయి. కోశాధికారి పనీ వాచ్‌మన్ పనీ ముందూ ఉన్నాయి, రాసినాయన మనసులో ఉండిపోయాయి. ప్రతి లైనూ మనిషితో మొదలై, గడువు చెప్పి, క్రియతో ముగుస్తోంది.

ఒకటో పనిలో కారణం ఒక ముక్క ఉండిపోవడం పొరపాటు కాదు. పని ఎలా చేయాలో మార్చే కారణం పనితోనే ఉండాలి. నిర్ణయం ఎందుకు తీసుకున్నారో చెప్పే కారణం పైన పేరాలో ఉండాలి. అక్కడి నుంచి దాన్ని కిందికి దించి చుక్కలుగా విడగొడితే ఒక్కో చుక్కకూ ఒక్కో అభ్యంతరం వస్తుంది. వాల్టా అనుమతి త్వరగా తెప్పిస్తానని ఒకరు ముందుకొస్తారు, పక్క అపార్ట్‌మెంట్‌లో నీళ్లు పడలేదన్న సంగతి పక్కకు పోతుంది. అన్నీ కలిసి ఒక నిర్ణయాన్ని మోస్తున్నాయన్నది పేరాలోనే కనిపిస్తుంది.

చుక్కలకు బదులు అంకెలు వేయడానికీ కారణముంది. జవాబిచ్చేవాళ్లు ‘రెండోది అయింది, ఒకటోదానికి ప్లంబర్ ఆదివారం వస్తానంటున్నాడు’ అని ఒక్క లైనులో రాయగలుగుతారు. చుక్కలకైతే ఏ చుక్క గురించో మళ్లీ మొత్తం రాయాలి. చుక్కల కింద చిన్న చుక్కలు, వాటి కింద గీతలు పెట్టడమూ మానుకోవాలి. ఫోన్ సన్నటి తెరమీద అవి కుడివైపుకు జరిగి మూడేసి మాటల లైన్లవుతాయి, జవాబుల్లో రెండుసార్లు తిరిగేసరికి ఏది దేని కిందిదో తెలియదు.

చేయాల్సింది ఒకటే పని అయితే జాబితా అక్కర్లేదు, చివర విడిగా ఒక వాక్యం చాలు. మూడు ట్యాంకర్ల వాళ్ల రేట్లు పోల్చి చెప్పాలంటే రెండూ పనికిరావు, చిన్న పట్టిక గీయడమే మేలు.