కటాన్ దీవిలో మొదటి రెండు ఊళ్లు

కటాన్ ఆటలో పాచికలు మొదటిసారి దొర్లకముందే రెండు నిర్ణయాలు తీసుకోవాలి. దీవి మీద మన మొదటి ఊరు ఎక్కడ పెట్టాలి, రెండోది ఎక్కడ పెట్టాలి? ఒకసారి పెట్టాక కదపడానికి వీల్లేదు. చాలాసేపటి వరకు చేతికొచ్చే సరుకంతా ఆ రెండు చోట్ల నుంచే రావాలి. అందుకే అలవాటైన ఆటగాళ్లు ఈ ఘట్టంలో తొందరపడరు. దీవంతా ఒకసారి కళ్లతో కొలుచుకున్నాకే చెయ్యి కదుపుతారు.

జర్మనీలో డెంటల్ టెక్నీషియన్‌గా పనిచేసిన క్లౌస్ టోయ్బర్ తయారుచేసిన ఆట ఇది. 1995లో వచ్చింది, ఆ ఏడాదే ఆ దేశపు ప్రతిష్ఠాత్మకమైన ష్పీల్ డెస్ యారెస్ అవార్డు గెలుచుకుంది. ఆరు భుజాల పలకలు 19 పేరిస్తే దీవి తయారవుతుంది. కలప, గోధుమ, ఉన్ని పలకలు నాలుగేసి, ఇటుక, ఖనిజం పలకలు మూడేసి. మిగిలిన ఒక్కటి ఎడారి, అక్కడ ఏదీ దొరకదు. మిగతా ప్రతి పలక మీదా ఒక అంకె బిళ్ల ఉంటుంది. రెండు పాచికలు వేసి కూడితే వచ్చిన అంకె ఏ పలక మీద ఉందో, ఆ పలకను ఆనుకుని ఊరు ఉన్నవాళ్లకు ఆ సరుకు కార్డు ఒకటి దక్కుతుంది. ఊరును పలకల మూలలు కలిసే కూడలిలో పెడతాం. కాబట్టి తీరానికి దూరంగా ఉన్న ఊరికి మూడు పలకల మీద ఆశ ఉంటుంది.

అంకెలన్నీ ఒకేలా పడవని అందరికీ తెలుసు. రెండు పాచికలు 36 రకాలుగా పడొచ్చు. అందులో 6 అయిదు రకాలుగా వస్తుంది, 8 కూడా అంతే. 5, 9 నాలుగేసి రకాలుగా, 4, 10 మూడేసి రకాలుగా వస్తాయి. 3, 11 అంకెలకు రెండేసి దారులు, 2, 12 అంకెలకు ఒక్కొక్కటే. ఈ లెక్కను టోయ్బర్ ఆటలోనే దాచిపెట్టాడు. బిళ్ల మీద అంకె కింద ఉండే చిన్న చుక్కలు అవే. మూడు పలకల చుక్కలు కూడితే ఆ కూడలి బలం తెలుస్తుంది. 6, 8 బిళ్లలు పక్కపక్కన రాకూడదన్న నియమం పాటిస్తే ఏ కూడలికైనా 13 చుక్కలకు మించి రావు.

కొత్తవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. ఎక్కువ చుక్కలున్న చోట ఊరు పెట్టేసి, మధ్య ఆటలో చేతినిండా గోధుమ కార్డులు పట్టుకుని ఏమీ కట్టలేక కూర్చుంటారు. ఒక ఉదాహరణ చూద్దాం. నలుగురు ఆడుతున్నారు, మనం నాలుగోవాళ్లం. ఊళ్లు పెట్టే వరస ఒకటి నుంచి నాలుగు దాకా వెళ్లి, మళ్లీ నాలుగు నుంచి ఒకటికి వెనక్కి వస్తుంది. అంటే మన రెండు ఊళ్లూ వెంటవెంటనే పెట్టుకోవచ్చు.

మొదట రెండు కూడళ్లు కంటపడ్డాయనుకుందాం. ఒకచోట గోధుమ 6, ఇంకో గోధుమ 9, ఉన్ని 5 ఉన్నాయి, మొత్తం 13 చుక్కలు. రెండో చోట ఇటుక 8, కలప 5, గోధుమ 10 ఉన్నాయి, మొత్తం 12. ఒక్క చుక్క తేడా విలువెంత? ఆటలో పాచికలు 72 సార్లు పడితే సగటున రెండు కార్డులు, అంతే. ఆ రెండు కార్డుల కోసం మొదటి చోటు తీసుకుంటే 18 గోధుమలు, 8 ఉన్ని కార్డులు చేరతాయి. వాటితో ఒక్క బాట కూడా పడదు, బాటకు ఇటుక, కలప ఒక్కోటి కావాలి. బ్యాంకు నాలుగు కార్డులు తీసుకుని ఒకటి ఇస్తుంది. రెండో చోటు నుంచి వచ్చేవి 10 ఇటుకలు, 8 కలప, 6 గోధుమలు. బాటలు సొంతంగా పడతాయి, కొత్త ఊరికి కావలసిన నాలుగు సరుకుల్లో ఉన్ని ఒక్కటే తక్కువ. నేనైతే క్షణం ఆలోచించకుండా రెండో చోటే తీసుకుంటాను.

ఇప్పుడు దానికి జోడు వెతకాలి. ఒకచోట కలప 6, ఇటుక 10, ఉన్ని 4, మొత్తం 11 చుక్కలు. మరోచోట ఖనిజం 9, ఉన్ని 4, గోధుమ 3, మొత్తం 9 చుక్కలే. మొదటిది తీసుకుంటే రెండు ఊళ్లకూ కలిపి 23 చుక్కలు, రెండోది తీసుకుంటే 21. చుక్కల మీదే చూపు పెట్టినవాళ్లకు ఇందులో ఆలోచించాల్సింది ఏమీ కనిపించదు.

కానీ మొదటి జోడులో ఖనిజం లేదు. ఊరిని పట్నంగా మార్చాలంటే మూడు ఖనిజాలు, రెండు గోధుమలు కావాలి. డెవలప్‌మెంట్ కార్డు కొనాలన్నా ఖనిజం ఉండాల్సిందే. ఒక్కో ఆటగాడికి ఊళ్లు అయిదే ఉంటాయి, ఊరికి ఒక పాయింటు. అందరికంటే పొడవైన బాటకు రెండు పాయింట్లు. అన్నీ కలిసొచ్చినా ఖనిజం లేకుండా చేరగలిగేది ఏడు పాయింట్ల దాకానే, గెలవడానికి పది కావాలి. ఆ మూడు పాయింట్ల కోసం ఖనిజం ఉన్నవాళ్ల దగ్గరికి బేరానికి వెళ్లాలి, లేదా ఆలస్యంగానైనా ఖనిజం పలక దగ్గరో, రేవు దగ్గరో ఊరు సంపాదించాలి. మనకది ఎంత అవసరమో అవతలివాళ్లకు అప్పటికే తెలిసిపోతుంది, ధర కూడా అలాగే చెబుతారు.

ఆ జోడులో ఇంకో లోపం ఉంది. రెండు ఊళ్లకూ 10 అంకె ఉంది. అది పడితే ఒకేసారి రెండు కార్డులొస్తాయి, పడకపోతే రెండు ఊళ్లూ ఎండుతాయి. మనకు ఏదో ఒకటి దక్కే వేతలు ఎన్నో లెక్క వేస్తే 36లో 20 మాత్రమే. చుక్కలు తక్కువున్న జోడులో ఆరు పలకల మీదా ఆరు వేర్వేరు అంకెలు. అక్కడ 36లో 21 సార్లు ఏదో ఒకటి చేతికొస్తుంది. సగటు కార్డులు కొంచెం తగ్గినా, ఖాళీ చేతులతో కూర్చునే వేతలు తగ్గుతాయి. చేతిలో ఏడుకు మించి కార్డులున్నప్పుడు పాచికల్లో 7 పడితే సగం బ్యాంకుకు కట్టేయాలన్న నియమం ఉంది. కాబట్టి గుంపుగా వచ్చే కార్డులకంటే కొంచెంకొంచెంగా వచ్చేవే మేలు.

ఈ లెక్కకు ఒక హద్దుంది. 72 వేతల్లో 8 సగటున పది సార్లు రావాలి. ఒక ఆటలో ఏడు సార్లే వచ్చినా, పదమూడు సార్లు వచ్చినా అందులో వింతేమీ లేదు. చాలాసేపు రాలేదు కాబట్టి ఇప్పుడు వచ్చి తీరుతుందనుకోవడం మాత్రం శుద్ధ భ్రమ. పాచికలకు జ్ఞాపకం ఉండదు. పైగా 8 ఉన్న ఇటుక పలక అందరి కళ్లలోనూ పడుతుంది. 7 వేసినవాడు దొంగ బొమ్మను తెచ్చి దాని మీదే కూర్చోబెడతాడు. దాన్ని లేపేదాకా అక్కడ సరుకు రాదు. సంపాదనంతా ఒకే ఎర్ర అంకె మీద ఆధారపడకుండా చూసుకోవాలనేది ఇందుకే.

చివరగా ఏ ఊరు ముందు పెట్టాలో చూడాలి. రెండోసారి పెట్టిన ఊరి చుట్టూ ఉన్న పలకల నుంచి ఒక్కో కార్డు ఆట మొదట్లోనే చేతికిస్తారు. మన ఇద్దరు అభ్యర్థుల్లో ఖనిజం ఊరిని రెండోదిగా పెడితే వచ్చేవి ఖనిజం, ఉన్ని, గోధుమ, అంటే సరిగ్గా ఒక డెవలప్‌మెంట్ కార్డు ధర. ఇటుక ఊరిని రెండోదిగా పెడితే ఇటుక, కలప, గోధుమ వస్తాయి, అంటే ఒక బాట, మీద ఒక గోధుమ. నాలుగోవాళ్లం కాబట్టి మధ్యలో ఎవరూ వచ్చి చోటు లాక్కోలేరు, ఏది ముందు పెట్టినా పోయేదేమీ లేదు. నేను ఖనిజం ఊరిని ముందు పెట్టి, ఇటుక ఊరిని తర్వాత పెడతాను. ఊరికీ ఊరికీ మధ్య కనీసం రెండు బాటల దూరం ఉండాలి కాబట్టి మంచి కూడళ్లు మొదటి కొన్ని రౌండ్లలోనే మూసుకుపోతాయి. మన మొదటి వంతు వచ్చేసరికి మిగతా ముగ్గురూ ఒక్కోసారి ఆడేసి ఉంటారు, మూడో ఊరి చోటు మీద వాళ్ల కన్ను కూడా పడి ఉంటుంది. ఆ చోటికి చేరడానికి అప్పుడు చేతిలో ఉండాల్సింది బాట.