సర్వర్ ఎంతసేపు ఆగింది? ఒక ప్రశ్న, రెండు జవాబులు

సర్వర్ పడిపోయి మళ్లీ లేచాక మేనేజర్ మొదట అడిగేది "ఎంతసేపు ఆగింది?" అనే. ఇంజినీర్ ఒక అంకె చెబుతారు. ఆ అంకె సరైనదే అయినా చాలాసార్లు అది సగం జవాబే. మిగతా సగం ఏమిటో చూడాలంటే గిట్‌ల్యాబ్ సంస్థ 2017లో తన వైఫల్యం గురించి తానే రాసి, అందరూ చదివేలా బయటపెట్టిన రిపోర్టు చదవాలి. సాంకేతిక పరిజ్ఞానం లేని పై అధికారులకు ఇలాంటి రిపోర్టు రాయాల్సినవాళ్లకు అందులో నేర్చుకోవలసింది చాలా ఉంది.

గిట్‌ల్యాబ్ డాట్ కామ్ అంటే ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకుని, దాని మీద కలిసి పనిచేసుకునే సైట్. 2017 జనవరి 31న ఆ సైట్ డేటాబేస్ మీద ఒత్తిడి బాగా పెరిగింది. ప్రధాన డేటాబేస్‌కు తోడుగా, దానిలో జరిగే ప్రతి మార్పునూ వెంటవెంటనే రాసుకునే రెండో సర్వర్ ఒకటి ఉండేది. ఒత్తిడికి ఆ రెండోది వెనకబడి, చివరికి పనికిరాకుండా పోయింది. దాన్ని మొదటి నుంచి కట్టడానికి ఒక ఇంజినీర్ రాత్రి పొద్దుపోయేదాకా ప్రయత్నించారు. అందులో పాత ఫైళ్లు అడ్డొస్తున్నాయేమోనని వాటిని చెరిపే ఆదేశం ఇచ్చారు. కానీ ఆ ఆదేశం నడిచింది రెండో సర్వర్‌లో కాదు, ప్రధాన సర్వర్‌లో. ఒకటి రెండు సెకన్లలోనే గమనించి ఆపేశారు. అప్పటికే దాదాపు 300 జీబీ డేటా చెరిగిపోయింది.

సరే, బ్యాకప్ ఉంటుంది కదా అని వెతికారు. రోజూ తీసి వేరేచోట భద్రపరుస్తున్నామనుకున్న కాపీలు అక్కడ లేవు. డిస్క్ మొత్తానికి ఫొటోలా తీసే స్నాప్‌షాట్ సదుపాయాన్ని డేటాబేస్ సర్వర్లకు ఆన్ చేయనే లేదు. చివరికి ఆదుకున్నది ఒకే ఒక్క కాపీ. ప్రమాదానికి సుమారు ఆరు గంటల ముందు, వేరే ప్రయోగం కోసం అదే ఇంజినీర్ తీసి పరీక్షల సర్వర్‌లో పెట్టుకున్నది. దాన్ని వెనక్కి తెచ్చి సైట్‌ను నిలబెట్టారు.

ఇప్పుడు మేనేజర్ ప్రశ్నకు వద్దాం. రిపోర్టులోని సమయాలన్నీ యూటీసీలో ఉన్నాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని చదివేవారు "జనవరి 31, 23:30" అని చూస్తే ఎవరూ పనిచేయని అర్ధరాత్రి అనుకుంటారు. మన సమయంలో అది ఫిబ్రవరి 1, బుధవారం తెల్లవారుజామున 5 గంటలు. సైట్ పూర్తిగా కోలుకున్నది అదే రోజు రాత్రి 11:30 ప్రాంతంలో. అంటే మన దేశంలో ఆ సైట్ మీద ఆధారపడినవాళ్లకు ఒక పనిదినం మొత్తం పోయింది. అందుకే రిపోర్టులో సమయాలను చదివేవాళ్ల గడియారం ప్రకారమే రాయాలి, ఏ గడియారమో ఒక్కసారి పైన చెప్పాలి. రెండు మూడు కాలమానాలు కలిపి రాసిన రిపోర్టును ఏ మేనేజరూ లెక్కకట్టుకుంటూ చదవరు.

కాబట్టి మొదటి జవాబు, సుమారు పద్దెనిమిదిన్నర గంటలు. ఇది సైట్ అందుబాటులో లేని కాలం.

రెండో జవాబు వేరు. దొరికిన కాపీ మన లెక్కలో జనవరి 31 రాత్రి 10:50కి తీసింది. ఆ తర్వాత, తెల్లవారుజామున 5:30 దాకా డేటాబేస్‌లో చేరినవేవీ ఆ కాపీలో లేవు. అంటే ఆరు గంటల 40 నిమిషాల పాటు జనం చేసుకున్న పని తిరిగి రాకుండా పోయింది. కొట్టు ఒక రోజు మూతపడటం వేరు, ఖాతా పుస్తకంలోంచి కొన్ని పేజీలు చిరిగిపోవడం వేరు. మొదటిదానికి ఖాతాదారులను కాసేపు ఆగమనవచ్చు. రెండోదానికి వాళ్లలో ఎవరెవరి పని పోయిందో కనుక్కుని చెప్పాలి, మళ్లీ చేసుకోమని అడగాలి, కొన్నిచోట్ల పరిహారం గురించీ ఆలోచించాలి. మేనేజర్ తీసుకోవలసిన నిర్ణయాలు రెండింటికీ వేరువేరు. ఈ రెండు కాలాలనూ ఒకే వాక్యంలో కలిపేస్తే, పద్దెనిమిదిన్నర గంటల డేటా పోయిందనుకుని ఒకరు కంగారుపడతారు, సైట్ లేచింది కనుక ఏమీ పోలేదనుకుని ఇంకొకరు నిశ్చింతగా ఉంటారు. ఇద్దరూ పొరబడినట్టే.

నష్టం గురించి రాసేటప్పుడు గిట్‌ల్యాబ్ చేసిన మంచి పని ఒకటుంది. "కొంతమంది వినియోగదారులకు అంతరాయం కలిగింది" లాంటి పొడి వాక్యంతో సరిపెట్టలేదు. సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు పోయి ఉంటాయని అంచనా చెప్పింది. అంచనాను అంచనాగానే చెప్పింది. అంతే ముఖ్యంగా, పోనివేమిటో కూడా చెప్పింది. జనం దాచుకున్న అసలు కోడ్, వికీ పేజీలు సైట్ ఆగినంతసేపు అందలేదు కానీ చెక్కుచెదరలేదు. గిట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌ను సొంత సర్వర్లలో నడుపుకునే సంస్థలకు ఈ ప్రమాదంతో సంబంధమే లేదు. ఏం పోయిందో ఎంత స్పష్టంగా రాస్తామో, ఏం పోలేదో అంత స్పష్టంగా రాయకపోతే చదివేవాళ్లు అన్నీ పోయాయనే అనుకుంటారు. ఖాతాదారుల నుంచి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పవలసిన మేనేజర్‌కు ఈ రెండో వాక్యమే ఎక్కువ పనికొస్తుంది.

ఇక పునరుద్ధరణ. ఇంజినీర్ల సహజ ధోరణి, తాము చేసిన ప్రతి పనినీ వరసగా రాసుకుపోవడం. మేనేజర్‌కు కావలసింది సమయం ఎక్కడ ఖర్చయిందన్నది. ఈ కేసులో కాపీ దొరికాక కూడా అన్ని గంటలు ఎందుకు పట్టాయో చూడండి. ఆ కాపీ ఉన్న పరీక్షల సర్వర్‌కు చవక డిస్కులు వాడారు. వాటి వేగం సెకనుకు 60 మెగాబిట్ల దగ్గరే ఆగిపోయేది. మెగాబిట్ అంటే మెగాబైట్‌లో ఎనిమిదో వంతు, కనుక అసలు వేగం సెకనుకు ఏడున్నర మెగాబైట్లు. ఈ లెక్కన 300 జీబీ కదలడానికి ఏ అడ్డంకీ లేకున్నా 11 గంటలు పడుతుంది. ఆ డేటా పూర్తిగా వచ్చేదాకా ఎంతమంది నిపుణులున్నా చేయగలిగింది తక్కువే. "పునరుద్ధరణ ఆలస్యమైంది" అని రాస్తే ఎవరో నిదానంగా పనిచేశారన్న అర్థం వస్తుంది. "డేటా కదలడానికే ఎక్కువ సమయం పట్టింది, కారణం చవక డిస్కులు" అని రాస్తే మేనేజర్‌కు ఒక ఖర్చు, దానికి బదులు తగ్గే గంటలు కనిపిస్తాయి.

కారణం రాసే చోట కలం ఎక్కువగా తడబడుతుంది. "ఇంజినీర్ పొరపాటు" అని రాసి ముగించడం సులువు. గిట్‌ల్యాబ్ అలా చేయలేదు. తన రిపోర్టులో ఆ వ్యక్తి పేరు రాయలేదు, తప్పంతా వారి మీద నెట్టలేదు. ఎందుకంటే చెరిపివేత ఒక్కటే అయితే అది చిన్న ప్రమాదంగా ముగిసేది. దాన్ని పెద్దది చేసింది బ్యాకప్ లేకపోవడం. అది ఎందుకు లేదో ఒక్కో మెట్టు దిగుతూ అడిగారు. బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ `pg_dump` 9.2 వెర్షన్‌లో నడుస్తోంది, డేటాబేస్ మాత్రం 9.6. రెండూ పొసగక ఆ పని ప్రతిసారీ విఫలమవుతోంది. విఫలమైనట్టు ఈమెయిల్ వెళ్లాలి. ఆ ఈమెయిళ్లకు కావలసిన ధ్రువీకరణ ఏర్పాటు లేక, అందుకునే సర్వర్ వాటిని తిరస్కరించింది. అందుకని ఎవరికీ తెలియలేదు.

ఈ పేరాలోని వెర్షన్ అంకెలు ఇంజినీర్ల రిపోర్టులో ఉండి తీరాలి. మేనేజర్‌కిచ్చే కాగితంలో వాటికి బదులు "బ్యాకప్ ప్రతిసారీ విఫలమైంది, విఫలమైందని చెప్పే హెచ్చరిక కూడా మాకు చేరలేదు" అన్న ఒక్క వాక్యం చాలు. ఆదేశాలూ, ఫోల్డర్ల పేర్లూ, లాగ్ వరసలూ అనుబంధంలో ఉంటాయి. కావలసినవాళ్లు అక్కడ చూసుకుంటారు.

ఇదే సంఘటనను మన దేశంలోని ఒక మేనేజర్ కోసం రాయవలసి వస్తే నేను ఇలా మొదలుపెడతాను:

"ఫిబ్రవరి 1 ఉదయం సుమారు 5 గంటల నుంచి రాత్రి 11:30 వరకు మా సైట్ పనిచేయలేదు (సమయాలన్నీ భారత కాలమానంలో). ఇప్పుడు పూర్తిగా పనిచేస్తోంది. జనవరి 31 రాత్రి 10:50 నుంచి మర్నాడు ఉదయం 5:30 వరకు నమోదైన ప్రాజెక్టుల వివరాలు, వ్యాఖ్యలు, కొత్త ఖాతాలు తిరిగి రావు. ఖాతాదారుల కోడ్ భద్రంగా ఉంది. మరమ్మతు చేస్తుండగా ప్రధాన డేటాబేస్ పొరపాటున చెరిగిపోయింది. రోజువారీ బ్యాకప్‌లు పనిచేయడం లేదని అప్పుడే తెలిసింది. వేరే పని కోసం తీసిన ఒక పాత కాపీతో సైట్‌ను నిలబెట్టాం. నెమ్మదైన డిస్కుల వల్ల ఆ కాపీని తేవడానికే ఎక్కువ సమయం పట్టింది."

మేనేజర్ ఇంతవరకే చదివి లేచిపోయినా పరవాలేదు. ఆయన పై అధికారికి తప్పు చెప్పే అవకాశం లేదు. "వేరే పని కోసం తీసిన" అన్న మాటలను మాత్రం ఎంతమంది వద్దన్నా తీసేయకూడదు. అవి లేకపోతే మన ఏర్పాటే మనల్ని కాపాడిందని చదివేవాళ్లు అనుకుంటారు. నిజానికి ఆ కాపీ అప్పుడు ఉండటం యాదృచ్ఛికం. అది లేకపోతే రోజుకొకసారి తీసే అంతకు ముందటి కాపీతో సరిపెట్టుకోవాల్సి వచ్చేది, నష్టం దాదాపు రోజంతటిదీ అయ్యేది.

చివర రాసే "ఇకపై చేసే పనులు" భాగంలో "జాగ్రత్తలు తీసుకుంటాం" అన్న మాటకు చోటు లేదు. ప్రతి పనికీ ఒక మనిషి పేరు, ఒక తేదీ, ఖర్చు ఉంటే ఆ ఖర్చు ఉండాలి. బ్యాకప్ విధానాన్ని ఎప్పటికప్పుడు ఎందుకు పరీక్షించలేదని గిట్‌ల్యాబ్ తనను తాను అడుగుతూ పోతే, చివరికి తేలిన జవాబు ఆ పని ఎవరి బాధ్యతా కాదన్నదే. మేనేజర్ చేతిలో నిజంగా ఉన్న నిర్ణయం అదే. బ్యాకప్‌ను తీయడమే కాదు, దాన్ని ఒక ఖాళీ సర్వర్‌లో మళ్లీ నిలబెట్టి, ఎన్ని గంటలు పట్టిందో, ఏ నిమిషం దాకా డేటా వచ్చిందో రాసి ఇచ్చే మనిషి ఎవరు, ఎన్నాళ్లకొకసారి ఇస్తారు అన్నది రిపోర్టులో ఖాళీగా వదలకుండా నింపి, సంతకం కోసం పంపాలి.