కీమోథెరపీ వైద్యపత్రం నుండి రోగి క్యాలెండర్‌కు: ‘కేపాక్స్’ చికిత్సావిధానం ఆధారంగా పరిశీలన

1. ప్రవేశిక

కీమోథెరపీ వైద్యపత్రం ఆవృత్తి దినాలలోను, మిల్లీగ్రాములలోను మాట్లాడుతుంది. రోగికి కావలసినవి తేదీలు, మాత్రల సంఖ్య. ముదిగుబ్బ వంటి మండల కేంద్రం నుండి తిరుపతికో బెంగళూరుకో వెళ్లి నరం ద్వారా మందు ఎక్కించుకొని తిరిగివచ్చే రోగి, తరువాతి రెండు వారాల మాత్రలను ఇంటివద్దనే వేసుకుంటాడు. ఈ మార్పిడిలో జరిగే పొరపాటును అక్కడ గుర్తించేవారుండరు.

2. వైద్యపత్రాన్ని చదివే విధానం

పెద్దపేగు క్యాన్సర్‌కు వాడే కేపాక్స్ విధానాన్ని వైద్యులు ఇలా రాస్తారు:

```
Oxaliplatin 130 mg/m² D1; Capecitabine 1000 mg/m² BD D1–14; q21d
```

మొదటి రోజున ఆక్సాలిప్లాటిన్ ఎక్కించాలి. కేపసిటబిన్ మాత్రలు రోజుకు రెండు పూటలు పద్నాలుగు రోజులు వేసుకోవాలి. ఇరవై ఒక్క రోజులకొకసారి ఆవృత్తి మళ్లీ మొదలవుతుందని దీని అర్థం. ఆ ఇరవై ఒక్క రోజులను మొదటి రోజు నుండి లెక్కించాలే తప్ప, చివరి మాత్ర నుండి కాదు.

శరీర ఉపరితల వైశాల్యం 1.5 చదరపు మీటర్లున్న ఒక ఊహాత్మక రోగిని తీసుకుందాం. పూటకు 1500 మిల్లీగ్రాములు, అనగా 500 మిల్లీగ్రాముల మాత్రలు మూడు. 2025 జూన్ 2 మధ్యాహ్నం మందు ఎక్కించడం ముగిస్తే, వైద్యుని సూచన మేరకు మాత్రలు ఆ సాయంత్రమే మొదలవుతాయి. అప్పుడు ఇరవై ఎనిమిదవ మోతాదు జూన్ 16 ఉదయం పడుతుంది. ‘పద్నాలుగు రోజులు’ అని మాత్రమే రాస్తే జూన్ 15 రాత్రితో ఆపి, రోగి ఒక మోతాదు కోల్పోతాడు.

3. మోతాదు తగ్గింపు

మొదటి ఆవృత్తిలో తీవ్ర విరేచనాలు కలిగి, జూన్ 12న వైద్యుడు మాత్రలు ఆపించాడనుకుందాం. మానిన మోతాదులను తరువాత కలిపి వేసుకోకూడదు. విరేచనాలు తగ్గి, రక్తపరీక్ష అనుకూలిస్తే రెండవ ఆవృత్తి 75 శాతం మోతాదుతో జూన్ 23న మొదలవుతుంది. ఆక్సాలిప్లాటిన్ మోతాదును వైద్యుడు విడిగా నిర్ణయిస్తాడు.

1500లో 75 శాతం 1125. మాత్రలు 500, 150 మిల్లీగ్రాములలో దొరుకుతాయి గనుక పూటకు రెండు పెద్దవి, ఒక చిన్నది కలిపి 1150 అవుతుంది. ఈ సర్దుబాటుకు వైద్యుని అంగీకారం తప్పనిసరి.

| తేదీ | ఉదయం | సాయంత్రం |
|---|---|---|
| జూన్ 23, సోమ | ఆసుపత్రి. మాత్రలు వద్దు | 2 పెద్దవి + 1 చిన్నది |
| జూన్ 24 – జూలై 6 | 2 పెద్దవి + 1 చిన్నది | 2 పెద్దవి + 1 చిన్నది |
| జూలై 7, సోమ | 2 పెద్దవి + 1 చిన్నది | వద్దు |
| జూలై 8 – 13 | వద్దు | వద్దు |
| జూలై 14, సోమ | రక్తపరీక్ష | వైద్యుడు చెప్పాకే |

స్థలాభావం వల్ల ఇక్కడ తేదీలను కలిపినా, రోగికిచ్చే కాగితంలో ప్రతి రోజుకూ ఒక వరుస ఉండాలి. విరామ దినాలను ఖాళీగా వదలక ‘వద్దు’ అని రాయాలి. ఖాళీ గడిని రోగి మరచిపోయిన గడిగా భావించే అవకాశముంది.

4. సరిచూచుట

రెండవ ఆవృత్తికి 28 మోతాదులు గనుక 56 పెద్దవి, 28 చిన్నవి కావాలి. మందుల చీటీలోని సంఖ్య దీనితో సరిపోకుంటే పట్టికలోనో చీటీలోనో తప్పున్నట్లే. ఇంట్లో మిగిలిన పెద్ద మాత్రల వల్ల పాత లెక్కన పూటకు మూడు వేసుకునే ప్రమాదముంది. అందుచేత పాత పట్టికను వెనక్కు తీసుకోవాలి.

5. ముగింపు

న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరుకు 1500 కన్నా తక్కువైతే ఆవృత్తి వాయిదా పడుతుంది. తరువాతి తేదీలన్నీ జరుగుతాయి. కావున పట్టిక ఒక్క ఆవృత్తికే చెల్లుబాటు కావాలి. తయారైన తేదీ, సరిచూచిన వైద్యుని సంతకం, జ్వరం లేదా విరేచనాలు వస్తే పిలవవలసిన ఫోన్ నంబరు అదే పుటలో ఉండాలి.